రాత్రి నిద్ర చాలకపోతే పగలు ఆకలెందుకు ఆగదు, ఒళ్ళు నొప్పులెందుకు తగ్గవు

(భీమవరంలో పొద్దున్నే గ్రౌండుకొచ్చే కుర్రాళ్ళకీ జిమ్ముకెళ్ళేవాళ్ళకీ చెప్పిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది)

అందరికీ నమస్కారమండి. వెనకాల నుంచున్నవాళ్ళు కాస్త ముందుకొచ్చి కూర్చోండి, ఈ మైకు అంత దూరం వినపడదు.

నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళు ఎక్కువగా రెండు మాటలు చెప్తారండి. ఒకటేమో, సార్ ఎంత తిన్నా ఆకలి తీరట్లేదు, వర్కౌట్ చేస్తున్నాను కదా అందుకేమో అని. రెండోది, కాళ్ళకి ఎక్సర్‌సైజ్ చేసిన నొప్పి మూడు రోజులైనా పోవట్లేదు, ఏం సప్లిమెంట్ వాడాలి అని. ఈ రెండూ వేరువేరు సమస్యలనుకుంటారు. మొదటిదానికి తిండి తగ్గించుకుంటారు, రెండోదానికి పౌడర్ డబ్బా కొంటారు. నేను మాత్రం ముందు రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, మధ్యలో ఎన్నిసార్లు లేచావు అని అడుగుతాను, ఎందుకంటే చాలామందిలో రెండూ అక్కడినుంచే మొదలవుతున్నాయి.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను, పేరు అక్కర్లేదు. కాళ్ళ మండలం వైపు ఊరు, ఇంట్లో రొయ్యల చెరువులున్నాయి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు పరిగెత్తాలి కదండీ, ఇతనికి మొదట్లోనే 6 నిమిషాల 50 సెకన్లు వచ్చేది, అంటే పాసవడం పెద్ద కష్టం కాదు. కానీ రెండున్నర నెలలు గట్టిగా ప్రాక్టీస్ చేశాక టైము తగ్గాల్సింది పోయి 7 నిమిషాల 10 సెకన్లకి వచ్చింది. బరువు 68 కిలోల నుంచి 71కి పెరిగింది. పిక్కలు, తొడలు ఎప్పుడూ పట్టేసే ఉంటున్నాయి. అతనికి భయమేసి ఇంకో పూట ప్రాక్టీస్ పెంచాడు, రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు మొదలెట్టాడు. దాంతో ఇంకా దిగజారింది.

ఇంతకీ అతని రాత్రి ఎలా గడుస్తోందంటే, మీలో చెరువులున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. చెరువు నీళ్ళలో ఆక్సిజన్, మనం డీవో అంటాం, అది పగలు ఎండకి పెరిగి రాత్రంతా తగ్గుకుంటూ వచ్చి తెల్లారగట్ల బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోతుంది, లక్షల్లో నష్టం. అందుకని ఇతను పదిన్నర పదకొండుకి పడుకుని, అంతకుముందు ఫోను చూసుకుంటూ, ఒంటిగంటన్నరకి అలారం పెట్టుకుని గట్టు మీదకి పోయేవాడు. నాలుగున్నర దాకా అక్కడే, మధ్యలో రెండు మూడు టీలు. అక్కడినుంచి అటే బండేసుకుని గ్రౌండుకి. మధ్యాహ్నం ఒక గంటన్నర పడుకునేవాడు. మొత్తం కలిపితే రోజుకి నాలుగు, నాలుగున్నర గంటలు, అదీ రెండు ముక్కలుగా. నేను సరిపడా పడుకుంటున్నానండి, మధ్యాహ్నం కూడా పడుకుంటున్నాను అనేవాడు, నిజంగానే అలా అనుకునేవాడు.

ఇప్పుడు అసలు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను.

ఆకలికి సంబంధించి రెండు హార్మోన్లు గుర్తుపెట్టుకోండి చాలు. పొట్టలో తయారయ్యేది గ్రెలిన్, అది తినమని చెప్తుంది. ఒంట్లో కొవ్వు నుంచి వచ్చేది లెప్టిన్, నిల్వలున్నాయి ఇక చాలు అని మెదడుకి చెప్తుంది. 2004లో షికాగో యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది కుర్రాళ్ళని రెండు రాత్రులు మంచం మీద 4 గంటలే ఉంచారు, ఇంకోసారి అదే మనుషుల్ని రెండు రాత్రులు 10 గంటలు ఉంచారు. నిద్ర తక్కువైనప్పుడు లెప్టిన్ 18 శాతం తక్కువుంది, గ్రెలిన్ 28 శాతం ఎక్కువుంది, ఆకలి ఎంతుందని అడిగితే 24 శాతం ఎక్కువ చెప్పారు. ఏం తినాలనిపిస్తోందని కూడా అడిగారు. కూరగాయల మీద కాదు, స్వీట్లు, ఉప్పు చిరుతిళ్ళు, పిండి పదార్థాలు, వీటి మీదకే మనసు ఎక్కువ పోయింది. రెండే రెండు రాత్రులండీ.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ తర్వాత జరిగిన ప్రయోగాలన్నిట్లో ఈ రెండు హార్మోన్లూ ఇలాగే కదల్లేదు. కొన్నిట్లో లెప్టిన్ అసలు తగ్గలేదు, కొన్నిట్లో పెరిగింది కూడా, ఎందుకంటే వాళ్ళని ఇష్టమొచ్చినంత తిననిచ్చారు, బాగా తింటే లెప్టిన్ పెరుగుతుంది కదా. అందుకని నెట్‌లో ఎవరైనా నిద్ర తగ్గితే లెప్టిన్ పడిపోద్ది, అంతే, అని ఒక్క ముక్కలో తేల్చేస్తే పూర్తిగా నమ్మొద్దు. హార్మోన్ సంగతి ఎలా ఉన్నా, తిండి పెరగడం మాత్రం ప్రయోగం తర్వాత ప్రయోగంలో కనపడుతూనే ఉంది.

మరి రాత్రి మేలుకుంటే ఖర్చు కూడా ఎక్కువే కదా, ఆ ఆకలి న్యాయమే కదా అని మీకు అనిపించొచ్చు. ఆ లెక్క కూడా తీశారు. 2013లో అమెరికా కొలరాడోలో మనుషుల్ని వరసగా ఐదు రాత్రులు 5 గంటల నిద్ర మీద ఉంచి, ఖర్చయ్యే క్యాలరీలు, తినే క్యాలరీలు రెండూ కొలిచారు. మేలుకున్నందుకు రోజు ఖర్చు సుమారు 5 శాతం పెరిగింది, అంటే మామూలు మనిషికి వంద క్యాలరీల చిల్లర. తిన్నది అంతకన్నా బాగా ఎక్కువ, ముఖ్యంగా రాత్రి భోజనం అయిపోయాక తిన్న చిరుతిండి. ఆ ఐదు రోజుల్లోనే సుమారు 0.8 కిలో బరువు పెరిగారు. అదంతా కొవ్వే అనను, తిండీ నీళ్ళూ కూడా అందులో ఉంటాయి. కానీ మీరు లెక్క చూడండి, వంద క్యాలరీలంటే ఒక మిరపకాయ బజ్జీ. మరి సాయంత్రం బండి దగ్గర ఎవరైనా ఒక్క బజ్జీతో ఆపుతారా?

మన కుర్రాడి రోజు కూడా అచ్చం అలాగే ఉంది. పొద్దున్న ఇడ్లీలు మామూలుగా తినేవాడు, మధ్యాహ్నం అన్నం మామూలే. నాలుగున్నర అయ్యేసరికి పునుగులో బజ్జీలో, సోడా, రాత్రి రెండు చపాతీలు తిని పదింటికి మళ్ళీ బిస్కెట్ ప్యాకెట్, చెరువు దగ్గర టీతో పాటు ఇంకో ప్యాకెట్. భోజనం తగ్గించాను కదా అని లెక్కేసుకున్నాడు కానీ ఈ మధ్యలోవి లెక్కలోకి రాలేదు. అతన్ని తిండిపోతు అని ఇంట్లో అంటుంటే నాకు బాధేసింది. ఆ ఆకలి కావాలని తెచ్చుకున్నది కాదు.

ప్రాక్టీస్ వల్ల వచ్చే ఆకలీ, నిద్ర లేక వచ్చే ఆకలీ ఎలా విడదీయాలి అంటారా. వందకి వంద తేలదు గానీ కొన్ని గుర్తులున్నాయి. బాగా పరిగెత్తిన రోజు వచ్చే ఆకలికి ఏదైనా పనికొస్తుంది, పప్పన్నం, పెరుగన్నం పెట్టినా కడుపు నిండి ఊరుకుంటుంది. నిద్ర లేని ఆకలి అన్నం తిన్న గంటకే మళ్ళీ వస్తుంది, అదీ తీపి మీదకో నూనె వంటల మీదకో పోతుంది, సాయంత్రం మీద, రాత్రి పొద్దుపోయాక ఎక్కువ. అన్నిటికన్నా గట్టి గుర్తు, ప్రాక్టీస్ లేని ఆదివారం కూడా అంతే ఆకలేస్తే అది ప్రాక్టీస్ ఆకలి కాదు, ముందు రెండు మూడు రాత్రుల సంగతి చూసుకోవాలి.

ఇప్పుడు రికవరీ.

వర్కౌట్‌లో కండ పెరగదండి, అక్కడ దెబ్బతింటుంది, అలిసిపోతుంది. తిన్న ప్రోటీన్ తీసుకుని ఆ కండని మళ్ళీ కట్టే పని తర్వాత గంటల్లో, రోజంతా, రాత్రంతా జరుగుతుంది. గాఢ నిద్ర రాత్రి మొదటి సగంలో ఎక్కువ, గ్రోత్ హార్మోన్ పెద్ద మోతాదులో వదిలేది కూడా అప్పుడే. ఆస్ట్రేలియాలో 13 మంది కుర్రకారుని, ఆడా మగా ఇద్దరూ ఉన్నారు, ఒక్క రాత్రి పూర్తిగా మేలుకోబెట్టారు. ఇంకోసారి అదే మనుషుల్ని మామూలుగా పడుకోనిచ్చారు. మేలుకున్న మర్నాడు కండ కట్టే వేగం కొలిస్తే 18 శాతం తక్కువ. కండని కరిగించే వైపు లాగే కార్టిసాల్ 21 శాతం ఎక్కువ, టెస్టోస్టెరాన్ 24 శాతం తక్కువ. తిండి మాత్రం రెండుసార్లూ ఒకేలా పెట్టారు. ఇది మేస్త్రీ రాని రోజు ఇటుకలు దింపుకున్నట్టు, సరుకు ముంగిట్లో ఉంటుంది, గోడ లేవదు. ఇది 2021లో వచ్చిన పేపరు. పూర్తి రాత్రి మేలుకోవడం వేరు, రోజూ రెండు గంటలు తగ్గడం వేరు, కాబట్టి ఈ 18 శాతం మీకు అలాగే వర్తిస్తుందని నేను అనను. కానీ అదే ఆస్ట్రేలియాలో ఇంకో ప్రయోగంలో ఐదు రాత్రులు 4 గంటల మీద ఉంచితే కూడా కండ కట్టడం తగ్గింది.

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది మాత్రం బరువు తగ్గేవాళ్ళ మీద చేసిన ప్రయోగం, మళ్ళీ షికాగోలోదే, 2010. బరువెక్కువున్న 10 మందికి తిండి తగ్గించి, ఒకసారి 14 రోజులు 8.5 గంటలు మంచం మీద, ఇంకోసారి 14 రోజులు 5.5 గంటలు. రెండుసార్లూ తగ్గిన బరువు దాదాపు ఒకటే, మూడు కిలోల దగ్గర. కాటా మీద తేడా తెలీదు. కానీ సరిగ్గా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తగ్గినప్పుడు కొవ్వు 0.6 కిలోలే. మిగతాది కొవ్వు కానిదే పోయింది, అంటే కండ లాంటివి. ఆకలి కూడా ఎక్కువే చెప్పారు. ఇప్పుడు చెప్పండి, రాత్రి అన్నం మానేసి, నాలుగు గంటలు పడుకుని, పొద్దున్నే పరిగెత్తే కుర్రాడికి బరువు తగ్గితే మాత్రం ఏం లాభం? పరిగెత్తించే కాళ్ళనే పోగొట్టుకుంటున్నాడు. అందుకే నిద్ర కుదరని వారాల్లో డైటింగ్ వద్దంటాను నేను, ఇది మాత్రం ఎవరడిగినా గట్టిగానే చెప్తాను.

సరే, ఇతనితో ఏం చేశామో చెప్తాను. చెరువు కాపలా మానెయ్యమనలేం, ఇంటి తిండి అదే. ముందు రెండు వారాలు ఏమీ మార్చకుండా ఒక నోట్‌బుక్‌లో రాయమన్నాను. పడుకున్నది, లేచింది, పొద్దున్న లేవగానే మంచం మీదే నాడి నిమిషానికి ఎంత, కాళ్ళ నొప్పి పదికి ఎంత, ఉదయం పదకొండుకి, సాయంత్రం ఐదుకి, రాత్రి పదికి ఆకలి పదికి ఎంత. అంతే. నాడి మామూలుగా 56 దగ్గర ఉండేవాడికి వరసగా కాపలా చేసిన రోజుల్లో 63, 64 వచ్చేది. ఒక్కరోజు నాడి చూసి ఏమీ తేల్చకండి, జ్వరమొచ్చినా, రాత్రి మందు తాగినా, ఉక్కపోత ఎక్కువున్నా పెరుగుతుంది, వారం మొత్తం ఎటు పోతోందో చూడాలి. ఆకలి అంకెలు చూసి అతనే ఆశ్చర్యపోయాడు. పదకొండుకి 5 ఉండేది ఐదింటికి 8, రాత్రి పదికి 9. మధ్యలో వాళ్ళ మేనమామ గారి ఇంటికెళ్ళి రెండు రాత్రులు హాయిగా పడుకొచ్చాడు, ఆ మర్నాడు సాయంత్రం 5 రాశాడు, ప్రాక్టీస్ చేసిన రోజే అయినా సరే.

అప్పుడు వాళ్ళ అన్నయ్యతో మాట్లాడాం. ఇద్దరూ రోజు విడిచి రోజు చేద్దామన్నారు, నేను వద్దన్నాను, మూడు రాత్రులు ఇతను, మూడు రాత్రులు అన్నయ్య, ఏడోరోజు నాన్నగారు. రోజు మార్చి రోజు అయితే ఒంటికి ఏ టైమూ అలవాటవదు. కాపలా ఉన్న రోజుల్లో ఎనిమిదింటికల్లా తినేసి ఎనిమిదిన్నరకి ఫోను అన్నయ్యకిచ్చి పడుకోవడం, ఒంటిగంటకి లేవడం, గట్టు మీద టీ రెండున్నరలోపే ఆపెయ్యడం. టీ కాఫీల్లో కెఫీన్ సగం పోవడానికే ఐదు గంటలు సుమారు పడుతుంది, నాలుగింటికి తాగితే పొద్దున్న కునుకు పట్టదు. ఐదింటికి ఇంటికొచ్చి ఇంకో రెండు గంటలు పడుకోవాలి, గ్రౌండుకి రావద్దన్నాను. ఈ ఒక్కదానికే చాలా వాదించాడు. కాపలా రోజుల్లో సాయంత్రం తేలిక జాగింగ్, కాస్త స్ట్రెచింగ్ చాలన్నాను. 400 మీటర్ల రిపీట్లు, స్క్వాట్లు లాంటి గట్టి పని వారంలో రెండుసార్లే, అదీ ముందు రాత్రి ఏడు గంటలు నిద్రపట్టిన రోజునే.

తిండి తగ్గించలేదు. రాత్రి అన్నం మళ్ళీ పెట్టించాం, దానితో రెండు గుడ్లో, చేపో, లేకపోతే పప్పూ గట్టి పెరుగూ. సాయంత్రం నాలుగింటికే ఉడికించిన శనగలో వేరుశనగలో, అరటిపండో తినెయ్యమన్నాం, ఐదింటి ఆకలి బండి దగ్గరికి లాక్కెళ్ళకముందే.

ఆరు వారాలకి 1600 మీటర్లు 6 నిమిషాల 38 సెకన్లకి వచ్చింది, బరువు 69.5. కాళ్ళ నొప్పి రెండోరోజుకి పోతోంది. సాయంత్రం ఆకలి 6 దగ్గర నిలబడింది. ఇందులో నిద్ర వల్ల ఎంత, ప్రాక్టీస్ తగ్గించడం వల్ల ఎంత, తిండి సర్దడం వల్ల ఎంత అని విడదీసి చెప్పలేను, మూడూ ఒకేసారి మార్చాం కదా. కానీ తిండి గురించి ఇంకో మంచి ప్రయోగం ఉంది. 2022లో మళ్ళీ షికాగోలోనే, ఆరున్నర గంటల లోపు పడుకునే, బరువెక్కువున్న 80 మందిలో సగం మందికి నిద్ర ఎలా పెంచుకోవాలో మాత్రం చెప్పి పంపించారు, తిండి గురించి ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళు రోజుకి గంటా పావు సుమారు ఎక్కువ పడుకున్నారు, తిండి దానంతటదే రోజుకి 270 క్యాలరీల దాకా తగ్గింది. సొంత ఇళ్ళల్లోనే, మామూలు జీవితంలో.

మన డెల్టాలో ఇంకో ఇబ్బంది ఉక్క. గాలిలో తడి ఎక్కువ కాబట్టి నీళ్ళ కూలర్ పెడితే ఇంకా జిడ్డుగా ఉంటుంది. దానికన్నా కిటికీలు తీసి, దోమతెర కట్టి, ఫ్యాను గాలి నేరుగా తగిలేలా పడుకోండి, పడుకునే గంట ముందు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చెయ్యండి, ఒంటి వేడి బయటికి పోయి నిద్ర తొందరగా పడుతుంది.

ఇక మీరడగండి.

*(జిమ్ముకెళ్ళే ఒక కుర్రాడు: సార్, నేను సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు గంటలే పడుకుంటాను, శనాదివారాలు పదేసి గంటలు పడుకుంటాను, సరిపోతుందా?)*

బాకీ కొంత తీరుద్ది తమ్ముడూ, అసలు పడుకోకపోవడం కన్నా మేలే. కానీ ఇదే పద్ధతిని 2019లో కొలరాడోలో పరీక్షించారు. వారాంతంలో తిండి కాస్త తగ్గింది గానీ మళ్ళీ నిద్ర తక్కువ రోజులు మొదలవగానే రాత్రి భోజనం తర్వాత తినడం తిరిగొచ్చేసింది, బరువూ పెరిగింది. నీకు కుదిరితే వారంలో ఏ రెండు రాత్రులైనా గంట ముందు పడుకో, లెగ్స్ వర్కౌట్ ఆ మర్నాడు పెట్టుకో.

*(ఇంకొకతను: నిద్ర తక్కువైన రోజు వర్కౌట్ మానెయ్యాలా?)*

మానక్కర్లేదు. ఇందాక చెప్పిన ఐదు రాత్రుల ప్రయోగంలో కొందరితో సైకిల్ మీద ఇంటర్వల్స్ చేయించారు, వాళ్ళలో కండ కట్టే వేగం అంతగా పడిపోలేదు. అంటే కదలడం కాపాడుతోంది. కానీ ఆ రోజు బరువులు పెంచకు, సెట్లు సగం చెయ్యి, కొత్త లిఫ్ట్ ప్రయత్నించకు. నిద్ర మత్తులో డెడ్‌లిఫ్ట్ చేసి నడుం పట్టించుకున్నవాళ్ళని చూశాను.

*(షటిల్ ఆడే ఒకావిడ: మా పాపకి ఏడు నెలలండి, రాత్రి మూడుసార్లు లేస్తుంది. మళ్ళీ ఆట మొదలెట్టాను, ఆకలి మామూలుగా లేదు.)*

మీ ఆకలి పూర్తిగా నిద్ర వల్లేనని అనుకోకండమ్మా, పాలిస్తుంటే ఒంటికి నిజంగానే ఎక్కువ తిండి కావాలి, కడుపు మాడ్చుకోవద్దు. పాప మధ్యాహ్నం పడుకున్నప్పుడు మీరూ పడుకోండి, ఆ టైములో ఇంటి పని ఎవరైనా చూసుకోవాలి, అది ఇంట్లోవాళ్ళకి నేను చెప్తున్న మాట. ఆట వారంలో రెండు మూడు రోజులు చాలు. ఇంకో సంగతి, ఇది అందరికీ కూడా. ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున్న నిద్ర తీరనట్టే ఉండి, రాత్రి గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు పక్కవాళ్ళు చెప్తే, ఈ నోట్‌బుక్కులూ టీ మానడాలూ దానికి పనిచెయ్యవు. చెవి ముక్కు గొంతు డాక్టర్ గారికో ఊపిరితిత్తుల డాక్టర్ గారికో చూపించుకుని నిద్ర పరీక్ష చేయించుకోండి.